పది రూపాయలు పెంచాలి, ఎలా చెప్పాలి?

విజయవాడ, రాజమండ్రి, కాకినాడ లాంటి ఊళ్ళలో, ముఖ్యంగా పాత పేటల్లో, పదకొండున్నర అయ్యేసరికి స్కూటర్ల మీద క్యారేజీలు బయల్దేరతాయి. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిన పెద్దవాళ్ళు, పొద్దున్నే ఆఫీసులకు పరుగెత్తే భార్యాభర్తలు, బదిలీ మీద వచ్చి ఒంటరిగా ఉంటున్న బ్యాంకు ఉద్యోగులు నెల లెక్కన భోజనం తెప్పించుకుంటారు. వండేది చాలాచోట్ల ఒక కుటుంబమే. ఇద్దరు సహాయకులు, క్యారేజీలు చేరవేసే ఒక కుర్రాడు, ఆదివారాలు పెళ్ళిచూపులకో సీమంతానికో యాభై మందికి వంట. వాళ్ళ వ్యాపారమంతా ఇంతే. ఈ ఇళ్ళలో ఏళ్ళ తరబడి నలిగే ప్రశ్న ఒకటుంది: రోజూ మన చేతి అన్నం తినేవాళ్ళకు రేటు పెంచుతున్నామని ఎలా చెప్పడం?

చెప్పలేక చాలామంది చేసే పని, చెప్పకుండా సర్దుకోవడం. పప్పులో నీళ్ళు కాస్త ఎక్కువ పోస్తారు. వేపుడు గిన్నెలో సగానికి దిగుతుంది. గడ్డపెరుగు జారుడు పెరుగవుతుంది. తినేవాళ్ళు అన్నిటికంటే ముందు పట్టేసేది ఆ పెరుగునే. ఫోన్ చేసి అడగరు, మనసులో పెట్టుకుంటారు. రెండు నెలలు గడిచాక ‘ఓ వారం ఆపండమ్మా, ఊరెళ్తున్నాం’ అంటారు. ఆ వారం మళ్ళీ ముగియదు. వీళ్ళను పోగొట్టింది పెరిగిన ధర కాదు కాబట్టి, ఎందుకు పోయారో వంటింటివాళ్ళకు ఎప్పటికీ తెలియదు. ఈ వ్యాపారంలో నమ్మకం పోయే దారులన్నిటిలో నాకు బాధగా తోచేది ఇదే, ఎందుకంటే ధర పెంచామని నేరుగా చెప్పి ఉంటే వాళ్ళలో చాలామంది ఉండేవాళ్ళు.

చెప్పడానికి ధైర్యం రావాలంటే ముందు లెక్క కావాలి. ఒక వంటిల్లు ఊహించుకుందాం. రోజుకు 60 భోజనాలు, ఆదివారం సెలవు, నెలకు 26 రోజులు. అన్నం, పప్పు, కూర, పచ్చడి, చారు, పెరుగు ఉన్న భోజనం 90 రూపాయలు. మూడేళ్ళ క్రితం ఈ రేటు పెట్టినప్పుడు ఒక్కో భోజనానికి సరుకులు, కూరగాయలు, పాలు కలిపి 36 రూపాయలయ్యేవి. గ్యాసుకు 5, సహాయకుల కూలికీ కుర్రాడి జీతం, పెట్రోలుకూ కలిపి 18, అద్దె, కరెంటు, అంట్లు తోమే సబ్బు వగైరాలకు 6. మొత్తం 65. ఇంటివాళ్ళకు 25 మిగిలేది. నెలకు 39,000. తెల్లవారుజామున నాలుగింటికి లేచే ఇద్దరి కష్టానికి అదీ ఫలం.

ఇప్పుడు సరుకులు 40కి చేరాయి. గ్యాసు అంతే ఉందనుకుందాం. కూలి, చేరవేత 24 అయింది. అద్దె వగైరాలు 7. మొత్తం 76. మిగులు 14. నెలకు 39,000 కాస్తా 21,840 అయింది. పైకి ఏమీ మారలేదు. అవే 60 క్యారేజీలు, అదే రద్దీ. అందుకే చాలా ఇళ్ళలో ఈ తగ్గుదల చిట్టీ డబ్బు కట్టలేని నెల వచ్చేదాకా కంటికి కనిపించదు.

ఈ లెక్కలో చూడవలసింది ఒకటుంది. భోజనానికి పెరిగిన 11 రూపాయల్లో 6 మనుషుల కూలి నుంచే వచ్చాయి. వంటలో సాయం చేసే ఇద్దరికి రోజుకు 330 ఇచ్చేది 450 అయింది. కుర్రాడికి 300 ఇచ్చేది 400 అయింది. అలా పెంచకపోతే వాళ్ళు పక్క వీధి కర్రీ పాయింట్‌కి వెళ్ళిపోతారు. వెళ్ళినా తప్పు పట్టలేం, వాళ్ళ ఇంటద్దె కూడా పెరిగింది. కానీ రేటు పెంచే రోజు వచ్చేసరికి అందరూ చెప్పే కారణం మాత్రం నూనె.

నూనె సంగతే చూద్దాం. 2024 సెప్టెంబరులో కేంద్రం వంటనూనెల దిగుమతి సుంకం పెంచినప్పుడు దుకాణాల్లో ప్యాకెట్ ధర చురుక్కుమంది. ఒక భోజనానికి నూనె సుమారు 20 మిల్లీలీటర్లు పడుతుంది. లీటరుకు 25 రూపాయలు పెరిగినా భోజనానికి పడే భారం యాభై పైసలే. నూనె పేరు చెప్పి పది రూపాయలు పెంచితే, నెలనెలా నూనె ప్యాకెట్ కొనే ఇల్లాలు ఆ లెక్క వేసుకోకుండా ఉండదు. పైగా సుంకాలు పెరుగుతాయి, తగ్గుతాయి. 2025 మే చివర్లో ముడి నూనెల మీద తగ్గించారు కూడా. అప్పుడు ‘నూనె తగ్గిందిగా, రేటు తగ్గించరా?’ అని అడిగితే జవాబుండదు.

టమాటా ఇంకో రకం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లోనే కిలో వంద దాటింది. భోజనానికి 40 గ్రాములు వాడే వంటింటికి కిలో 30 నుంచి 150కి వెళ్తే దాదాపు 5 రూపాయల భారం. అది చిన్నదేమీ కాదు. అయినా దానికోసం రేటు పెంచకూడదనే నా అభిప్రాయం. రెండు నెలల్లో దిగివచ్చే ధరకు వంటలోనే మందుంది. టమాటా పప్పు బదులు గోంగూర పప్పు, దోసకాయ పప్పు, చారులో చింతపండు, పచ్చడి వంకాయతోనో బీరపొట్టుతోనో. తెలుగు వంటకు ఆ వెసులుబాటు పుష్కలంగా ఉంది. ఎక్కి దిగే ధరలను మెనూతో కాయాలి. ఎక్కి ఇక దిగని ఖర్చులకు, అంటే కూలికీ అద్దెకూ, రేటు పెంచాలి. ఈ రెంటినీ విడదీసుకుంటే ఎంత పెంచాలో, ఎందుకు పెంచుతున్నామో రెండూ తేలుతాయి. మన లెక్కలో సరుకుల మీద పెరిగిన 4 రూపాయల్లో కూడా బియ్యం, పాలు లాంటి మళ్ళీ దిగనివే ఎక్కువ అనుకుంటే, 10 రూపాయల పెంపు సబబే. 90 కాస్తా 100. మిగులు 24 అవుతుంది. మూడేళ్ళ కిందటి 25కి ఒక రూపాయి తక్కువే.

ఇక భయం సంగతి. పెంచితే జనం మానేస్తారేమో! ఎంతమంది మానేస్తే నష్టమో కూడా లెక్కకు అందుతుంది. ఒక క్యారేజీ తగ్గితే 100 రూపాయల రాబడి పోతుంది గానీ దాని సరుకులు, గ్యాసు కలిపి 45 మిగులుతాయి. కూలీ అద్దే తగ్గవు. అంటే పోయే ప్రతి భోజనానికి 55 రూపాయల నష్టం. మిగిలినవాళ్ళందరి దగ్గరా పది చొప్పున పెరిగేది రోజుకు మొదట 600. ఆ 600ని 55తో భాగిస్తే దాదాపు 11. కాబట్టి అరవైలో పది మంది మానేసినా ఆ ఇల్లు పెంచకముందు కంటే కిందికి పోదు, శ్రమ మాత్రం తగ్గుతుంది. పదకొండో మనిషి దగ్గర సరిసమానం. ఈ సంఖ్య కాగితం మీద రాసుకున్నవాళ్ళకు ఫోన్లో గొంతు వణకదు. వాళ్ళు ఒకరిద్దరి కోసం వెనకడుగు వెయ్యరు, ఎవరినీ కసురుకోరు కూడా.

రేటు ఖాయం చేసేముందు ఏడాది రాబడిని ఒకసారి చూసుకోవాలి. సేవలు అందించే వ్యాపారానికి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 90 రూపాయల మీద మన వంటింటి రాబడి దాదాపు 16.85 లక్షలు, 100 మీద 18.72 లక్షలు. ఆదివారాల ఫంక్షన్ ఆర్డర్లు కలిపితే గీత దాటే వీలుంది. దాటితే క్యాటరింగ్ మీద 5 శాతం పన్ను వచ్చి పడుతుంది, వంద రూపాయల భోజనం 105 అవుతుంది. మార్చిలో పది పెంచి, జూలైలో మళ్ళీ ఐదు అంటే ఎంత మంచివాళ్ళకైనా విసుగొస్తుంది. దాటేటట్టుంటే ఆడిటర్‌తో ముందే మాట్లాడి రెండూ కలిపి ఒకేసారి చెప్పాలి. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు జీఎస్టీ పేరు చెప్పి ఒక్క రూపాయి కూడా వసూలు చెయ్యకూడదు.

ఎప్పుడు చెప్పాలన్నది సగం పని. టమాటా మండుతున్న నెలలో చెబితే జనం వెంటనే ఒప్పుకుంటారు, నిజమే. కానీ టమాటా దిగాక రేటు కూడా దిగుతుందనే అనుకుంటారు. అందుకే కూరగాయలు నిలకడగా ఉన్న కాలం మేలు. సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరిలో చెప్పి మార్చి 1 నుంచి అమలు చెయ్యడం బాగుంటుంది. జూన్ వద్దు, బడి ఫీజులు కట్టే నెల. దసరా, సంక్రాంతుల ముందు వద్దు, ఆ ఖర్చులు ఎవరికైనా ఉంటాయి. నెలలో పదో తేదీకి అటూ ఇటూగా చెబితే కనీసం పదిహేను రోజులు ఆలోచించుకోడానికి దొరుకుతుంది. నెలాఖరున బిల్లుతో పాటు చెప్పడం మహా చెడ్డ పద్ధతి. చేతిలో డబ్బు పట్టుకున్న మనిషికి అది బలవంతంలా తగులుతుంది.

ఎవరు చెప్పాలన్నది ఇంకో సగం. క్యారేజీ తెచ్చే కుర్రాడి చేత మాత్రం చెప్పించకూడదు. గుమ్మంలో అతణ్ణి నిలబెట్టి ‘ఏం బాబూ, రేటు పెంచుతున్నారట?’ అని అడిగితే వాడికి తెలిసింది వాడు చెబుతాడు. అది ఇంటికో రకంగా చేరుతుంది. వాడికి ఒక్క మాట నేర్పితే చాలు: ‘అమ్మగారు మీకు ఫోన్ చేస్తారండి.’ మూడు నాలుగేళ్ళుగా తింటున్న ఇళ్ళకు వంటావిడే ఫోన్ చెయ్యాలి. అలాంటివి పదిహేను ఇరవై మించవు, రెండు సాయంత్రాల పని. ఆ తర్వాతే అందరికీ వాట్సాప్‌లో పెట్టాలి. పాతవాళ్ళు గ్రూపులో చూసి తెలుసుకుంటే, ఇన్నేళ్ళూ తిన్నదానికి విలువ లేదా అనిపిస్తుంది.

పెద్దవాళ్ళ ఇళ్ళ విషయంలో ఒక సున్నితమైన ముడి ఉంది. తినేది ఇక్కడ తల్లిదండ్రులు, డబ్బు పంపేది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు, కూతురు. చాలామంది డబ్బు పంపేవాళ్ళకే మెసేజ్ పెట్టి ఊరుకుంటారు. ఆ అమ్మాయి రాత్రి ఫోన్లో ‘అమ్మా, క్యారేజీ రేటు పెంచారు, పర్లేదులే’ అంటుంది. కూతురికి పెద్ద మొత్తమేమీ కాదు. తల్లికి మాత్రం తన తిండి పిల్లలకు భారమవుతోందన్న మాట పరాయి చోటి నుంచి వచ్చినట్టుంటుంది. అలాంటి మరునాడు కొందరు ‘ఒక్కరికే చాలులే, ఇద్దరం సర్దుకుంటాం’ అంటారు. ఆ మాట వంటావిడ వినకూడనిది. ముందు ఆ పెద్దావిడకే చెప్పాలి, ‘మీ అమ్మాయిగారికి నేను మెసేజ్ పెట్టనా, మీరే చెబుతారా పిన్నిగారూ?’ అని అడగాలి. ఆవిడ ఏం చెప్పమంటే అది చెయ్యాలి.

వాట్సాప్‌లో పెట్టే మాట ఇలా ఉంటే చాలు:

‘నమస్కారం అండి. మార్చి 1 నుంచి మన క్యారేజీ భోజనం 90 నుంచి 100 రూపాయలు అవుతుంది. 26 రోజులకు 2,600. ఈ నెలకు పాత రేటే. మూడేళ్ళుగా రేటు మార్చలేదు. ఈలోగా వంటలో సాయం చేసేవాళ్ళకూ క్యారేజీ తెచ్చే అబ్బాయికీ జీతాలు పెంచాం, అద్దె కూడా పెరిగింది. భోజనంలో ఏదీ తగ్గదు, అన్నీ ఇప్పుడున్నట్టే ఉంటాయి. ఇంట్లో అన్నం వండుకునేవాళ్ళకు అన్నం లేకుండా మిగతావన్నీ 90 రూపాయలకు ఇస్తాం. మీకు ఏది వీలో 25వ తేదీలోగా చెప్పండి. ఏమైనా అడగాలంటే సాయంత్రం 4 తర్వాత ఫోన్ చెయ్యండి.’

పాత రేటు, కొత్త రేటు, తేదీ మొదట్లోనే ఉన్నాయి. ‘తప్పనిసరి పరిస్థితుల్లో’, ‘అన్నీ మండిపోతున్నాయి’ అని నాలుగు వాక్యాలు చుట్టి చివర్న రేటు చెబితే, చదివేవాళ్ళు ఎంత పెరిగిందోనని కంగారు పడుతూ చదువుతారు. నెల మొత్తం కూడా మనమే వేసి చెప్పాం. 260 రూపాయల తేడా వాళ్ళు ఎలాగూ లెక్కేస్తారు, మనమే చెబితే దాపరికం లేనట్టు. జీతాల మాట నేరుగా చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. రోజూ గుమ్మంలో కనిపించే ఆ కుర్రాడి జీతం పెరిగిందంటే సణిగేవాళ్ళు తక్కువ. అది నిజమైన కారణం కూడా.

అన్నం లేని క్యారేజీ మాట ఊరికే వేసింది కాదు. భోజనానికి 150 గ్రాముల బియ్యం పడితే, కిలో 58 చొప్పున దాదాపు 9 రూపాయలు. ఉడికించే గ్యాసు కలిపితే 10. కాబట్టి అన్నం మానేసినవాళ్ళకు 90కే ఇచ్చినా ఇంటివాళ్ళకు మిగిలే 24 మిగులుతూనే ఉంటాయి. చాలా ఇళ్ళలో కుక్కర్‌లో గుప్పెడు బియ్యం పడేసుకోవడం కష్టమేమీ కాదు, వేడివేడిగా తినొచ్చని వాళ్ళకే ఇష్టం. పెంపు భారమనుకునేవాళ్ళకు పాత రేటులోనే ఉండే దారి ఒకటి దొరికింది, అడగకుండానే. కానీ జాగ్రత్త: ‘కూర ఒక్కటే ఇవ్వండి, 50 తీసుకోండి’ అనే బేరానికి దిగకూడదు. కూర తరగడానికీ, చేరవెయ్యడానికీ పట్టే కూలి అంతే ఉంటుంది.

బేరం తప్పకుండా వస్తుంది. రిటైరైన మాస్టారు ఒకరు అడుగుతారు: ‘ఏమ్మా, ఐదేళ్ళ నుంచి తింటున్నాం. మాకు కూడానా?’

‘మీకే ముందు ఫోన్ చేశాను మాస్టారూ. మీతో చెప్పాకే అందరికీ చెబుదామనుకున్నా.’

‘అది సరేలే. మాకు 90కే ఇవ్వు, ఎవరికీ చెప్పం.’

‘మీ మేడ మీద వాళ్ళకీ మన క్యారేజీయే కదండీ. రేపు వాళ్ళు అడిగితే నేనేం చెప్పను? అన్నం ఇంట్లో వండుకుంటానంటే 90కే వస్తుంది మాస్టారూ. లేదా ఆరు నెలల డబ్బు ఒకేసారి ఇచ్చినవాళ్ళకు మొదటి నెల పాత రేటు. అది అందరికీ ఇస్తున్నాను.’

రహస్యపు తగ్గింపు అపార్ట్‌మెంట్ లిఫ్టులో రెండు రోజులు కూడా దాగదు. బయటపడిన రోజు నిజాయితీగా 100 కట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళమయ్యామని నొచ్చుకుంటారు. తగ్గించదలిస్తే షరతు పెట్టి అందరికీ తగ్గించాలి. ముందుగా కట్టే డబ్బు వల్ల వంటింటికీ లాభమే, బియ్యం బస్తాలు ఒకేసారి కొనుక్కోవచ్చు. అయితే ఆ డబ్బు మొదటి నెలలోనే ఖర్చయిపోతే ఐదో నెలలో సరుకులకు అప్పు చెయ్యాలి. విడిగా దాచగలిగితేనే ఈ ఏర్పాటు. నిజంగా ఇబ్బందిలో ఉన్న ముసలావిడ ఎవరైనా ఉంటే ఆమెకు తగ్గించడం వంటావిడ ఇష్టం. అది సాయం, రేటు కాదు. నోట్‌బుక్‌లో విడిగా రాసుకుంటే ఆ రెండూ కలవవు.

ఫంక్షన్ ఆర్డర్ల మాట వేరు. ప్లేటు రేటు చెప్పి అడ్వాన్స్ తీసుకున్న ఆర్డర్‌కి పాత రేటే. ఆ గృహప్రవేశం రెండు నెలల తర్వాతైనా సరే, అంతే. అందులో నష్టం వచ్చినా భరించాలి, మాట ఇచ్చి డబ్బు పుచ్చుకున్నాం. అడ్వాన్స్ ఇవ్వకుండా ఫోన్లో రేటు అడిగి పెట్టుకున్నవాళ్ళతోనే తగాదాలు వస్తాయి. శ్రావణ మాసం ముహూర్తాలకు ఆషాఢంలో రేటు కనుక్కుని, తీరా ముహూర్తం దగ్గరపడ్డాక వచ్చి ‘మీరే కదా అప్పుడు చెప్పింది’ అంటారు. అందుకని రేటు చెప్పే ప్రతి కాగితం మీదా, ప్రతి మెసేజ్‌లోనూ ‘ఈ రేటు ఫలానా తేదీలోగా అడ్వాన్స్ ఇచ్చినవారికి’ అని ఒక్క వాక్యం ఉండాలి. పెంపు ప్రకటించే ముందు అలా అడిగి పెట్టుకున్నవాళ్ళందరికీ ఫోన్ చేసి, నెలాఖరులోగా ఖాయం చేసుకుంటే పాత రేటేనని చెప్పడం మర్యాద. కొందరు ఆ ఫోన్ వల్లే ఖాయం చేసుకుంటారు.

మార్చి మొదటి వారం అసలు పరీక్ష. ఆ వారం తినేవాళ్ళు గిన్నె మూత తీసి మామూలు కంటే శ్రద్ధగా చూస్తారు. వేపుడు ఎప్పటంత ఉందా, పెరుగు గట్టిగా ఉందా అని. కొందరు మంచి చేసుకుందామని మొదటి రోజు పాయసం పెడతారు. నాకది నచ్చదు. రెండో రోజు పాయసం లేకపోతే తగ్గినట్టే కనిపిస్తుంది. ఎప్పటి కొలతే, ఎప్పటి గరిటే వాడాలి. వంటలో సాయం చేసేవాళ్ళకు ముందే చెప్పి, ఆ వారం గిన్నెలు నింపే పని వంటావిడే చూసుకుంటే మంచిది.

తిరిగొచ్చే క్యారేజీలు కూడా చూడాలి. గిన్నెల్లో కూర మిగిలి వస్తోందంటే, మనసులో ఏదో ఉందన్నమాట. ఎప్పుడూ ఐదో తేదీకి కట్టేవాళ్ళు పదోది దాటించినా అంతే. అలాంటి ఇంటికి డబ్బు గుర్తుచెయ్యడానికి ముందు ‘కూరలు ఎలా ఉన్నాయండీ?’ అని ఒక ఫోన్ చెయ్యాలి. మానేస్తామన్నవాళ్ళను వాదించి ఆపే ప్రయత్నం వద్దు. మన క్యారేజీ గిన్నెలు వెనక్కి తెప్పించుకునేటప్పుడు, ముందుగా కట్టిన డబ్బులో మిగిలింది పైసాతో సహా అదే రోజు ఇచ్చెయ్యాలి. వేసవిలో మనవలు వచ్చి ఇల్లు నిండినప్పుడు, ఒంట్లో బాగోనప్పుడు వాళ్ళకు మళ్ళీ గుర్తొచ్చేది ఆ చివరి రోజే.

మూడేళ్ళు ఆగి పది రూపాయలు పెంచడం కంటే, ఏటా ఫిబ్రవరిలో ఇదే లెక్క వేసి, అవసరమైతే మూడో నాలుగో పెంచడం రెండు పక్కలా తేలిక. పెంచనవసరం లేని ఏడు ‘ఈ ఏడాది పాత రేటే’ అని అదే తేదీకి అదే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టొచ్చు. దానికోసం వంటింట్లో ఉండవలసింది ఒక నోట్‌బుక్. ప్రతి నెలా ఒకటో తేదీన బియ్యం బస్తా, కందిపప్పు, నూనె, పాలు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ధరలు అందులో రాయాలి. ఆ సిలిండర్ ధర ఎక్కువగా మారేది కూడా ఒకటో తేదీనే. పక్కన ఆ నెల ఇచ్చిన కూలి, అద్దె, పంపిన క్యారేజీల సంఖ్య. పన్నెండు పేజీలు నిండేసరికి మరుసటి ఫిబ్రవరికి కావలసిన లెక్క సిద్ధంగా ఉంటుంది.